సగం మీరు, సగం నేను: అద్దె ఒప్పందం రిజిస్ట్రేషన్ ఖర్చు గురించి

పుణెలో కోథ్రూడ్ ప్రాంతంలో మేం ఇప్పుడుంటున్న ఇంటిని చూసిన రోజు సాయంత్రం, టోకెన్ డబ్బు చేతిలో పెట్టకముందే, ఇంటి యజమానికి నేనొక లెక్క పంపాను. ఒప్పందాన్ని నోటరీతో సరిపెట్టకుండా రిజిస్టర్ చేయిద్దామని, అందుకయ్యే ఖర్చు మొత్తం ఇంత అవుతుందని, అందులో సగం నేను పెట్టుకుంటానని అందులో రాశాను. ఆయన స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మరాఠీ పెద్దమనిషి. మేం ఆయనను కాకా అని పిలుస్తాం. ఆ లెక్కను అలా ఎందుకు వేశాను, ఖర్చును సగం సగమే ఎందుకు అడిగాను, అద్దెకు దిగబోయేవాళ్లు కూడా అలాగే ఎందుకు అడగాలని నేను అనుకుంటున్నాను అన్నది ఈ వ్యాసంలో చెబుతాను.

ముందుగా హైదరాబాదులో జరిగింది చెప్పాలి, ఎందుకంటే నా పట్టుదల అక్కడే మొదలైంది. అక్కడ మేం రెండు గదుల ఫ్లాటు తీసుకున్నప్పుడు అందరూ చేసినట్టే వంద రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకు రాయించుకుని, నోటరీ ముద్ర వేయించుకుని, రెండు నెలల అడ్వాన్స్ ఇచ్చాం. ఆరు నెలల వరకు ఇటువారు అటువారు ఎవరూ ఖాళీ మాట ఎత్తకూడదని అందులో ఒక షరతు కూడా ఉంది. నాలుగో నెలలో యజమాని పెద్దకొడుకు వచ్చి, చెల్లెలి పెళ్లి కుదిరింది, ఇల్లు మాకు కావాలి, నెలాఖరుకు ఖాళీ చేయండి అన్నారు. నేను ఆ కాగితం పట్టుకుని తెలిసిన వకీలు దగ్గరికి వెళ్తే, ఆయన మొదటి పేజీ తిప్పి, వెనుక వైపు చూసి, "దీనిమీద డాక్యుమెంటు నంబరు ఏదండీ?" అని అడిగారు. నోటరీ వేసిన ఎర్రటి సీలు తప్ప దాని వెనుక ఏమీ లేదు.

ఆయన ఆ రోజు చెప్పిన సంగతి మన రెండు రాష్ట్రాల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం దేశంలో సాధారణంగా ఏడాదికి మించిన గడువు ఉన్న లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పదకొండు నెలల అలవాటు పుట్టింది ఆ వెసులుబాటు నుంచే. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ సెక్షన్‌ను సవరించి, 1999 ఏప్రిల్ 1 నుంచి స్థిరాస్తి లీజులన్నింటికీ, గడువు ఎంతైనా సరే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. అంటే హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా పదకొండు నెలలకు రాసుకున్నాం కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదనుకోవడం వేరే రాష్ట్రాల లెక్కను మన ఇంటికి తెచ్చుకోవడమే. రిజిస్టర్ కావలసి ఉండి కాని పత్రాన్ని అందులోని షరతులకు సాక్ష్యంగా కోర్టు తీసుకోదని అదే చట్టం 49వ సెక్షన్ చెబుతుంది. ఆ ఇంట్లో మేం ఉంటున్న మాట నిజమేనని, అద్దెదారులుగానే ఉంటున్నామని చూపించుకోవడం వంటి పక్క విషయాలకు మాత్రమే అది పనికొస్తుంది. నాకు కావలసిన ఆరు నెలల షరతు పక్క విషయం కాదు, అసలు విషయం.

అలాంటప్పుడు మిగిలేదేమిటంటే నెలవారీ అద్దె సంబంధం. పత్రం రిజిస్టర్ కాకపోయినా, ఇల్లు అప్పగించి అద్దె పుచ్చుకుంటూ ఉంటే నెలనెలా సాగే అద్దె సంబంధం ఒకటి ఏర్పడుతుందని సుప్రీంకోర్టు 2000లో ఒక కేరళ కేసులో స్పష్టంగా చెప్పింది. కాబట్టి అద్దెదారును గాలికి వదిలేసినట్టు కాదు. కానీ నెలవారీ సంబంధాన్ని ముగించడానికి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల నోటీసు చాలు. మేం ఆరు నెలల భరోసా అనుకున్నది నిజానికి పదిహేను రోజుల భరోసా. బ్రోకరుకు ఇచ్చిన నెల అద్దె, సామాను మోయించిన ఖర్చు, పాపను మధ్యలో మరో బడికి మార్చిన కష్టం అన్నీ మా నెత్తిన పడ్డాయి. వారింట్లో నిజంగానే పెళ్లి జరిగింది, వారిని నేను తప్పు పట్టడం లేదు. ఇద్దరం కలిసి రాసుకున్న మాటకు ఇద్దరం కలిసే బలం లేకుండా చేసుకున్నాం అన్నదే నా బాధ.

పుణెకు వచ్చాక చూస్తే మహారాష్ట్రలో పద్ధతి వేరు. ఇక్కడ ఇళ్లకు ఎక్కువగా రాసుకునేది లీజు కాదు, లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందం. అంటే ఇంట్లో ఉండటానికి యజమాని కొంతకాలం అనుమతి ఇస్తారే తప్ప ఆస్తిలో మనకు హక్కు బదిలీ చేయరు. మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం 1999లోని 55వ సెక్షన్ ప్రకారం ఈ ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టర్ కావాలి, రిజిస్టర్ చేయించే బాధ్యత ఇంటి యజమానిది. చేయించకపోతే మూడు నెలల దాకా జైలు గానీ, ఐదు వేల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అంతేకాదు, రిజిస్టర్ అయిన ఒప్పందం లేనప్పుడు, ఏ షరతుల మీద ఇల్లు ఇచ్చారన్న విషయంలో వేరే రుజువు చూపించేదాకా అద్దెదారు చెప్పిన మాటే నిలుస్తుంది. ఇంత స్పష్టంగా చట్టం ఉన్నా కూడా, మాకు ఇల్లు చూపించిన ఏజెంటు మొదట అన్నమాట "నోటరీ చేయించేద్దాం, ఐదు వందల్లో అయిపోతుంది" అనే.

ఇక్కడ చాలామంది అద్దెదారులు చేసే తప్పు ఒకటుంది. బాధ్యత యజమానిదని చట్టం చెబుతోంది కాబట్టి ఖర్చంతా ఆయనే పెట్టుకోవాలని మొదలుపెడతారు. రిజిస్టర్ చేయించాల్సిన బాధ్యత వేరు, డబ్బు ఎవరు కట్టాలన్నది వేరు. డబ్బు విషయానికి వస్తే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు లీజు పత్రానికి స్టాంపు ఖర్చు అద్దెకు తీసుకునేవారిదేనని 1899 నాటి భారత స్టాంపు చట్టం 29వ సెక్షన్ అంటుంది. రెండో ప్రతికి అయ్యే స్టాంపు మాత్రం యజమాని పెట్టుకోవాలి. మన తెలుగు రాష్ట్రాల్లో అమల్లో ఉన్నది ఆ చట్టమే. అంటే నోరు మెదపకుండా ఊరుకుంటే చట్టం ఆ ఖర్చును అద్దెదారు వైపే నెడుతుంది. అందుకే "చట్టప్రకారం మీరే కట్టాలి" అని యజమానితో అనడం సరైన వాదన కాదు. "వేరే ఒప్పందం లేనప్పుడు" అన్న మాటలోనే మనకు దారి ఉంది. ఆ వేరే ఒప్పందం ఏమిటో మనమే ముందుగా, అంకెలతో సహా ప్రతిపాదించాలి.

ఆ అంకెలు మా ఇంటివి ఇలా ఉన్నాయి. అద్దె నెలకు 28,000, డిపాజిట్ లక్ష, రెండో ఏడాది నుంచి ఐదు శాతం పెంపు. మహారాష్ట్రలో లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందం అరవై నెలల లోపు అయితే స్టాంపు డ్యూటీ 0.25 శాతం. దేనిమీద 0.25 శాతం అన్నదే చూసుకోవాలి. గడువు మొత్తానికి కట్టే అద్దె, తిరిగి ఇవ్వని డబ్బు ఏదైనా ఉంటే అది, వీటికి తోడు తిరిగి ఇచ్చే డిపాజిట్ మీద ఏడాదికి పది శాతం చొప్పున వడ్డీ లెక్కగట్టి కలుపుతారు. ఇరవై నాలుగు నెలలకు మా అద్దె మొదటి ఏడాది 3,36,000, రెండో ఏడాది 3,52,800, మొత్తం 6,88,800. డిపాజిట్ మీద రెండేళ్ల లెక్క వడ్డీ 20,000. కలిపితే 7,08,800, దానిమీద 0.25 శాతం అంటే 1,772, వందలకు సవరిస్తే 1,800. నగరపాలక సంస్థ పరిధిలో రిజిస్ట్రేషన్ ఫీజు అద్దె ఎంతైనా వెయ్యి రూపాయలే. ఆన్‌లైన్‌లో పత్రం దాఖలు చేసినందుకు డాక్యుమెంట్ హ్యాండ్లింగ్ చార్జీ 300. ఇంటికి వచ్చి వేలిముద్రలు తీసుకుని పత్రం నడిపించే ఏజెంటు 1,200 అడిగాడు. మొత్తం 4,300.

ఈ లెక్క వేస్తున్నప్పుడు నా ఆలోచన ఒకటి తారుమారైంది. డిపాజిట్ ఎంత ఉండాలో అడిగేది యజమాని కాబట్టి, దానివల్ల పెరిగే స్టాంపు డ్యూటీ పూర్తిగా ఆయనే భరించాలని నేను మొదట రాసుకున్నాను. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ లక్ష డిపాజిట్‌కు ఏడాది లెక్క వడ్డీ పది వేలు, దానిమీద 0.25 శాతం అంటే ఇరవై ఐదు రూపాయలు. ఇరవై ఐదు రూపాయల న్యాయం కోసం ఒక పెద్దాయనతో మొదటి రోజే వాదం పెట్టుకోవడం నాకు సరిగా అనిపించలేదు, ఆ షరతు కొట్టేశాను. స్టాంపు డ్యూటీ విషయంలో తగువులు చాలావరకు ఇలాగే ఎవరూ లెక్క వేయకుండానే జరుగుతాయి.

నిజంగా పట్టించుకోవలసింది గడువు. రిజిస్ట్రేషన్ ఫీజు, హ్యాండ్లింగ్ చార్జీ, ఏజెంటు డబ్బు, ఈ మూడూ కలిపి 2,500. ఒప్పందం పదకొండు నెలలదైనా అరవై నెలలదైనా ఇది మారదు, చేసుకున్న ప్రతిసారీ పడుతుంది. మేం పదకొండు నెలలకే చేసుకుని ఉంటే స్టాంపు డ్యూటీ 800 దగ్గరే ఆగేది, మొత్తం 3,300 అయ్యేది. కానీ పన్నెండో నెలలో మళ్లీ అంతకు కొంచెం పైన పెట్టవలసి వచ్చేది. ఇరవై రెండు నెలలకు 6,600 దాటేది. ఇరవై నాలుగు నెలలకు ఒకేసారి చేసుకుంటే 4,300. ఎలాగూ రిజిస్టర్ చేయాల్సిందే అయినప్పుడు పదకొండు నెలలు అన్న అంకెకు ఇక్కడ ఏ అర్థమూ లేదు. అందుకే ఖర్చు పంపకంలో నేను ఒకే ఒక్క నియమం పట్టుబట్టాను: మామూలుగా సగం సగం, కానీ ఇద్దరిలో ఎవరైనా తక్కువ గడువే కావాలంటే, దానివల్ల రెండోసారి పడే 2,500 వారిదే. అద్దెదారుకు ఊరు మారే అవకాశముండి పదకొండు నెలలే కావాలంటే ఆ భారం అద్దెదారుది. యజమానికి ఏడాదికోసారి అద్దె తిరగరాసుకోవాలనుంటే ఆయనది. అద్దె పెంపును ఒప్పందంలోనే ముందుగా రాసుకుంటే ఆ కోరిక కూడా ఉండదు.

మరి సగం ఎందుకు, మొత్తం నేనే ఎందుకు పెట్టుకోకూడదు? ఇరవై నాలుగు నెలల మీద ఏజెంటు డబ్బు కాక 3,100 అంటే నెలకు 130 కూడా కాదు, నాకు అది పెద్ద మొత్తం కాదు. నా ఆఫీసులో ఇద్దరు ముగ్గురు అలాగే అన్నీ తామే కట్టారు. వారి విషయంలో నేను గమనించింది, యజమాని ఆ పత్రాన్ని అద్దెదారు ముచ్చట కింద చూశారు. గడువు తీరాక మళ్లీ అడిగితే "పోయినసారి చేశాంగా, ఇప్పుడెందుకు" అన్నారు. తనకూ ఉపయోగమని ఒప్పుకున్నవారే తన వంతు పెడతారు, తన వంతు పెట్టినవారు ఆ పత్రాన్ని తన పత్రంగా దాచుకుంటారు.

యజమానికి ఉపయోగం ఉన్నదన్నది కూడా మర్యాద కోసం చెప్పే మాట కాదు. కాకా నా లెక్క చూసి ఫోన్ చేసి డబ్బు సంగతి ఎత్తలేదు. "రిజిస్టర్ చేస్తే రేపు మీరు కదలకపోతే నేనేం చేయాలి?" అన్నారు. ఇక్కడ పాత ఇళ్లలో తరాల తరబడి నామమాత్రపు అద్దెకు ఉండిపోయిన వారిని చూసిన తరం ఆయనది, ఆ భయం అబద్ధం కాదు. మేం మాట్లాడుకున్నది హిందీలో. నేను చెప్పిన జవాబు సారాంశం ఇది: "కాకా, మీ భయానికి మందు ఈ పత్రమే. గడువు తీరాక నేను ఖాళీ చేయకపోతే మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం 24వ సెక్షన్ కింద మీరు మామూలు కోర్టుకు కాకుండా, ఇలాంటి ఖాళీ కేసులు చూసే కాంపిటెంట్ అథారిటీ అనే అధికారి దగ్గరికి వెళ్లవచ్చు. గడువు దాటి ఉన్న రోజులకు నా మీద రెండింతల అద్దె పడుతుంది. రాతలో ఉన్న ఒప్పందాన్నే అక్కడ తిరుగులేని సాక్ష్యంగా తీసుకుంటారు. కాగితం లేకపోతేనే నా మాట మీద మీరు ఆధారపడాలి." ఆయన ఒక రోజు టైము అడిగి, వకీలైన మేనల్లుడిని కనుక్కుని, మర్నాడు సరే అన్నారు.

ఆదాయపు పన్ను భయం మరో రకం. ఒప్పందం రిజిస్టర్ అయితే అద్దె ఆదాయం బయటపడుతుందని కొందరు వెనకాడతారు. ఏడాదికి లక్ష రూపాయలకు మించి అద్దె కట్టే ఉద్యోగి ఇంటి అద్దె భత్యం మీద మినహాయింపు కోరాలంటే యజమాని పాన్ నంబరు ఆఫీసులో ఇవ్వాల్సిందే. నేను నెలనెలా బ్యాంకు ద్వారా పంపే అద్దె ఎలాగూ కనబడుతూనే ఉంటుంది. రిజిస్ట్రేషన్ దానికి కొత్తగా చేర్చేదేమీ లేదు. ఈ మాట యజమానికి నిదానంగా, ఆరోపణలా కాకుండా చెప్పాలి.

ఒకవేళ యజమాని సగానికి ఒప్పుకోకపోతే? అప్పుడు నేను మొత్తం పెట్టుకుంటానని చెబుతాను, అలా చెప్పడం వల్ల తెలిసేది ఒకటుంది. మొత్తం ఖర్చు నాదే అన్నాక ఆయన ఒప్పుకుంటే సమస్య డబ్బే, అది తీరిపోయింది. అప్పటికీ వద్దంటే సమస్య డబ్బు కాదు. ఇల్లు ఆయన పేరున లేకపోవచ్చు, అన్నదమ్ముల మధ్య వాటా తగువు ఉండవచ్చు, మరొకరికి మాట ఇచ్చి ఉండవచ్చు. ఇది తెలియాల్సింది డిపాజిట్ ఇచ్చాక కాదు, టోకెన్ ఇవ్వకముందు. నేను చూసిన మరో ఇంటి యజమాని, అంతా మీరే కట్టినా వద్దన్నారు. ఆ ఇల్లు నాకు చాలా నచ్చింది, బాల్కనీలోంచి కొండ కనబడేది, అయినా వదులుకున్నాను.

మా ఒప్పందంలో ఖర్చు గురించి ఉన్న షరతు చిన్నది. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు, హ్యాండ్లింగ్ చార్జీ, సేవా రుసుము అన్నీ ఇరుపక్షాలూ సమానంగా భరించాలి. మొదటి ఆరు నెలల్లోపు ఎవరైనా తమంతట తాము ఒప్పందం ముగిస్తే, రెండోవారు పెట్టిన సగాన్ని తిరిగి ఇవ్వాలి. ఈ రెండో వాక్యం నా హైదరాబాదు అనుభవం నుంచి వచ్చింది. అది నాకు కూడా వర్తిస్తుందని విన్నప్పుడే కాకా తేలిక పడ్డట్టు అనిపించింది.

తెలుగు రాష్ట్రాల్లో ఇదే ప్రతిపాదన పెట్టాలనుకునేవారు నా అంకెలు వాడకూడదు. అక్కడ స్టాంపు డ్యూటీ గడువును బట్టి, నివాసమా వ్యాపారమా అన్నదాన్ని బట్టి మారుతుంది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో లెక్క వేసి చూసుకుని, ఆ అంకెతోనే యజమాని దగ్గరికి వెళ్లాలి. సంతకాలు అయిన రోజు నుంచి నాలుగు నెలల్లోపు పత్రాన్ని రిజిస్ట్రేషన్‌కు ఇవ్వాలన్న గడువు మాత్రం దేశమంతటా ఒకటే. "ముందు దిగండి, తర్వాత తీరిగ్గా చేయిద్దాం" అనే మాట ఆ నాలుగు నెలలను తినేస్తుంది. దాటితే మరో నాలుగు నెలల వరకు జరిమానా కట్టి ప్రయత్నించవచ్చు, ఆ జరిమానా రిజిస్ట్రేషన్ ఫీజుకు పది రెట్ల దాకా ఉండవచ్చు.

పని జరిగిన సాయంత్రం ఏజెంటు లాప్‌టాప్, వేలిముద్ర యంత్రం, చిన్న కెమెరా తెచ్చి కాకా ఇంటి భోజనాల బల్ల మీద పెట్టాడు. నా ముద్ర మొదటిసారికే పడింది. కాకా బొటనవేలు మాత్రం ఆధార్‌తో కలవలేదు. నలభై ఏళ్లు సుద్దముక్క పట్టుకున్న వేళ్లు, గీతలు అరిగిపోయాయి. ఏజెంటు తడిగుడ్డతో తుడిచి, చూపుడువేలు, తర్వాత ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే పెట్టించాడు. ఎడమ ఉంగరపు వేలు తీసుకుంది. సాక్షులుగా కాకా పొరుగింటాయన, మా ఆవిడ తమ్ముడు ముద్రలు వేశారు. మూడు రోజులకు సబ్ రిజిస్ట్రార్ ఆమోదం వచ్చి, డాక్యుమెంటు నంబరుతో పత్రం, దాని వెంట ఇండెక్స్ 2 అనే సారాంశ పేజీ మెయిల్‌లో వచ్చాయి. నోటరీ కాగితానికి ఉండనిది ఈ రెండే, తేడా చూసుకోవాలంటే వీటినే చూడాలి. చలానా నేను కట్టాను కాబట్టి, కాకా అదే సాయంత్రం తన వంతు 2,150 నాకు పంపించి, వివరం గడిలో మరాఠీలో "నా సగం" అని రాశారు.